అంగిలి మీద మచ్చ: తప్పు చుట్టదా, పళ్ళసెట్టుదా, నీళ్ళదా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లె. పెళ్ళయ్యాక నేను విశాఖపట్నంలో ఉంటున్నాను. మా అమ్మకు అరవై రెండేళ్ళు. పాతికేళ్ళ వయసు నుంచి అడ్డపొగ తాగుతోంది, అంటే చుట్ట నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తుంది. రోజుకు రెండు మూడు చుట్టలు కాలుస్తుంది. కిందటి సంవత్సరం పై దవడ ముందు పళ్ళకు ప్లేటు ఉన్న పళ్ళసెట్టు కట్టించాం. ఎనిమిది నెలలు గడిచాక కారం తగిలితే మంట అంటుంటే డాక్టరుకు చూపించాం. అంగిలి మీద, ప్లేటు ఆనే చోటుకు కొంచెం వెనకగా తెల్లటి మచ్చ, అందులో అక్కడక్కడ ఎర్రటి చుక్కలు ఉన్నాయి. ముక్క తీసి పరీక్షించాలని, చుట్ట మానాలని ఆయన చెప్పారు. అమ్మ రెండింటికీ ఒప్పుకోవడం లేదు. “మీ మామ్మ ఎనభై ఏళ్ళు వచ్చేదాకా అడ్డపొగ తాగింది, ఏమైంది? ముప్పై ఏడేళ్ళుగా లేని మచ్చ సెట్టు పెట్టాకే వచ్చింది, సెట్టు తీసేస్తే పోతుంది” అంటోంది. అన్నయ్యేమో తప్పంతా ఊరి బోరు నీళ్ళదేనంటున్నాడు. పైగా మంటగా ఉన్నప్పుడు చుట్ట పీలిస్తేనే హాయిగా ఉంటోందని అమ్మ ఈమధ్య ఇంకో చుట్ట ఎక్కువే కాలుస్తోంది. నేను చదువుకున్నదాన్నే అయినా, డాక్టరు చెప్పారన్న మాట తప్ప వాళ్ళకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒకదానికి మరొకటి కారణమని నిజంగా ఎలా తేలుస్తారు? అమ్మ విషయంలో నేను ఏం చేయాలి?
— ఒక కూతురు, విశాఖపట్నం

సమాధానం:

కారణాల చర్చకు ముందు ఒక విషయాన్ని విడదీసి చెప్పాలి. ముక్క పరీక్ష, అంటే బయాప్సీ, చేయించడానికి మచ్చ ఎందుకు వచ్చిందో తేలవలసిన అవసరం లేదు. తెలుపూ ఎరుపూ కలిసిన మచ్చను ఒట్టి తెల్లమచ్చ కంటే ఎక్కువ అనుమానంతో చూస్తారు. కణాలు క్యాన్సర్ వైపు మారడం మొదలైన సందర్భాలు అలాంటి మచ్చల్లోనే ఎక్కువగా బయటపడతాయి. తప్పు ఎవరిదైనా, ఇప్పుడు ఆ మచ్చలో ఏముందో చెప్పగలిగేది ఆ పరీక్ష ఒక్కటే. కాబట్టి మీ ఇంట్లో వాదం ఒక కొలిక్కి వచ్చేదాకా దాన్ని వాయిదా వేయకండి. కత్తి తగిలితే జబ్బు పాకుతుందన్న భయం అమ్మగారికి ఉంటే, అది ఎలా పుట్టిందో చెప్పండి. ముదిరిపోయాక ఆస్పత్రికి వెళ్ళినవారికి కూడా ముందు ముక్కే తీస్తారు, తరువాత వాళ్ళు త్వరగా పోతారు. చూసేవారికి ముక్క తీయడం వల్లే పోయినట్లు కనిపిస్తుంది. నిజానికి జబ్బు ముదరడం అంతకు ముందే జరిగిపోయింది.

ముందు జరిగినదాన్ని వెంటనే కారణం అనుకోవడం ఇలాగే పొరపాటుకు దారి తీస్తుంది. సెట్టు పెట్టాక మచ్చ కనిపించింది కనుక సెట్టే కారణమన్న వాదనలో కూడా ఉన్నది అదే. అలాగని ఆ వాదనను కొట్టిపారేయడం న్యాయం కాదు, దాన్ని పరీక్షకు పెట్టాలి. ఎలా పెట్టాలన్నదానికి 1965 జనవరిలో లండన్‌లో, రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్‌లో కొత్తగా ఏర్పడిన వృత్తి వైద్య విభాగం అధ్యక్షుడిగా ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ చేసిన ప్రసంగమే ఇప్పటికీ ఆధారం. ఆయన గణాంక శాస్త్రవేత్త, సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని రిచర్డ్ డాల్‌తో కలిసి బయటపెట్టినవాడు. రెండు విషయాలు జంటగా కనిపించినప్పుడు ఒకటి రెండోదానికి కారణమని ఎప్పుడు అనవచ్చో తేల్చుకోవడానికి ఆయన తొమ్మిది కోణాలు చెప్పారు. వీటికి మార్కులు వేసి కూడి, ఇన్ని వస్తే పాస్ అనే పద్ధతి ఆయనది కాదు. ఏ కోణమూ తనంతట తాను తీర్పు చెప్పలేదని ఆయనే అన్నారు. మీ కేసుకు తొమ్మిదీ అవసరం లేదు, నాలుగైదు చాలు.

వాటిలో తప్పించుకోవడానికి వీల్లేనిది కాలక్రమం. కారణం ముందు ఉండాలి, ఫలితం తరువాత రావాలి. వినడానికి ఇంత తేలికైన విషయం ఆచరణలో ఎందుకు చిక్కు పడుతుందో మీ ఉత్తరమే చూపిస్తోంది. చుట్ట ముప్పై ఏడేళ్ళ కిందట మొదలైంది, సెట్టు ఎనిమిది నెలల కిందట వచ్చింది, మచ్చ ఆ తరువాత కనిపించింది. అంటే రెండూ మచ్చకు ముందున్నవే, క్రమం మాత్రమే చూస్తే రెండూ నిలుస్తాయి. ఇక్కడ అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: మచ్చ ఎప్పుడు వచ్చిందో మీకు తెలుసా, ఎప్పుడు కనిపించిందో మాత్రమే తెలుసా? అంగిలి మనకు అద్దంలో సులభంగా కనిపించే చోటు కాదు. పళ్ళు కట్టించుకోవడానికి వెళ్ళేదాకా అమ్మగారి అంగిలిని లైటు వేసి చూసినవారు ఎవరూ ఉండి ఉండరు. అడ్డపొగ తాగేవారి అంగిలి మార్పులు చాలాకాలం నొప్పి, మంట లేకుండానే ఉంటాయి. కాబట్టి మచ్చ సెట్టుకు ముందే ఉండి, సెట్టు వల్ల నోటిని చూడటం మొదలైంది కనుక బయటపడి ఉండవచ్చు. దీన్ని తేల్చడానికి మీకు ఒక దారి ఉంది. కిందటేడు సెట్టు కట్టిన దంతవైద్యుడి దగ్గరకు వెళ్ళి, కొలత తీసిన రోజు చీటీలో అంగిలి గురించి ఏమైనా రాశారా, ఫొటో తీశారా అని అడగండి. ఆ రోజే తెల్లదనం ఉన్నట్లు ఒక్క ముక్క రాసి ఉంటే సెట్టు వాదన అక్కడితో సరి. ఏమీ రాయకపోతే మాత్రం మచ్చ అప్పుడు లేదని అర్థం కాదు, ఎవరూ రాయలేదనే అర్థం.

కాలక్రమంలో రెండో చిక్కు వ్యవధిది. కారణం ముందుంటే సరిపోదు, ఆ జబ్బు తయారవడానికి ఎంతకాలం పడుతుందో దానికి తగినంత ముందు ఉండాలి. సరిగా అమరని సెట్టు వల్ల వచ్చే పుండుకు, ఎరుపుకు రోజులూ వారాలూ చాలు. రాత్రింబవళ్ళూ తీయకుండా పెట్టుకున్న ప్లేటు కింద ఫంగస్ చేరి ఎర్రబడడానికి కొన్ని నెలలు చాలు. క్యాన్సర్‌కు ముందు వచ్చే తెల్లమచ్చ మాత్రం సాధారణంగా ఏళ్ళ తరబడి తగిలిన వేడి, పొగల ఫలితం. ఎనిమిది నెలలు మొదటి రకానికి సరిపోతాయి, రెండో రకానికి చాలా తక్కువ. ముప్పై ఏడేళ్ళు రెండో రకానికి చక్కగా సరిపోతాయి. ఈ మచ్చ ఏ రకమో బయాప్సీ చెబుతుంది కాబట్టి, అది వైద్యానికే కాకుండా మీ ఇంటి వాదానికి కూడా సాక్ష్యమవుతుంది.

మూడో చిక్కు మీరు చివర్లో రాసిన మాటలో ఉంది. మంట పుట్టినందుకే ఈమధ్య ఇంకో చుట్ట ఎక్కువ కాలుస్తున్నారు. అంటే ఇటీవలి నెలల్లో చుట్ట వల్ల మంట కాకుండా మంట వల్ల చుట్ట పెరిగింది. ఎవరైనా ఈ మధ్య లెక్క మాత్రమే తీసుకుని ఎక్కువ తాగేవారికి మంట ఎక్కువ అని రాసుకుంటే, కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేసినవారవుతారు. అందుకే పరిశోధకులు మోతాదును జబ్బు లక్షణాలు మొదలుకాక ముందు కాలం నుంచి లెక్కిస్తారు. అమ్మగారి విషయంలో లెక్కకు తీసుకోవలసినది ఆ రెండు మూడు చుట్టల పాత అలవాటే. అది మచ్చకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచి ఉంది కాబట్టి, కాలక్రమం చుట్ట విషయంలో చెదరలేదు.

ఇక మచ్చ ఉన్న చోటు చూద్దాం. నాకు మీ ఉత్తరంలో అన్నింటికంటే విలువైనదిగా తోచిన వాక్యం ‘ప్లేటు ఆనే చోటుకు కొంచెం వెనకగా’ అన్నది. సెట్టు వల్ల వచ్చే ఎరుపు ప్లేటు కప్పిన మేరకే, గీత గీసినట్లు, ప్లేటు ఆకారంలోనే ఉంటుంది. ప్లేటు అంచు ఒరుసుకుంటే పుండు ఆ అంచు వెంబడే సన్నగా పడుతుంది, అంచును అరగదీస్తే రెండు వారాల్లో మానుతుంది. పొగ వల్ల వచ్చే మార్పు దీనికి సరిగ్గా వ్యతిరేకం. పొగతాగేవారి అంగిలిలో ప్లేటు కప్పి ఉంచిన భాగం మామూలుగా ఉండి, దాని వెనక పొగ తగిలే భాగం తెల్లబడి, చిన్న లాలాజల గ్రంథుల నోళ్ళ దగ్గర ఎర్రటి చుక్కలు కనబడతాయని దంతవైద్యులకు తెలుసు. మీరు చెప్పిన తెల్లదనం, అందులోని ఎర్ర చుక్కలు ఈ వర్ణనకు దగ్గరగా ఉన్నాయి. అయితే ఇక్కడ ఒక ప్రశ్న అడగాలి: చుట్ట కాల్చేటప్పుడు అమ్మగారు సెట్టు తీస్తారా, ఉంచుకునే కాలుస్తారా? ఉంచుకునే కాలుస్తుంటే, కప్పిన చోటు మామూలుగా ఉండి కప్పని చోటు దెబ్బతినడం పొగను గట్టిగా వేలెత్తి చూపుతుంది. తీసి కాలుస్తుంటే ఆ పోలికకు బలం తగ్గుతుంది, ఎందుకంటే అప్పుడు అంగిలి అంతటికీ పొగ తగులుతోంది. అప్పుడు కూడా మచ్చ ప్లేటు కింద లేకపోవడం సెట్టే కారణమన్న వాదనకు అనుకూలమైన విషయం మాత్రం కాదు. వచ్చేసారి డాక్టరు దగ్గర సెట్టు పెట్టించి ఒక ఫొటో, తీయించి ఒక ఫొటో తీసుకోండి. పక్కపక్కన పెట్టి చూస్తే అన్నయ్యగారికి మాటలతో చెప్పవలసిన అవసరం తగ్గుతుంది.

ఒక్క మనిషి నోట్లో కనిపించిన ఈ చోటు సంగతే జనం మొత్తం మీద ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నోటి క్యాన్సర్ ప్రపంచంలో ఎక్కువచోట్ల నాలుక మీదో, నోటి అడుగునో, పొగాకు నమిలే ప్రాంతాల్లో బుగ్గ లోపలో వస్తుంది. గట్టి అంగిలి మీద రావడం అరుదు. కోస్తాంధ్రలో మాత్రం ఆ అరుదైన చోటే పదేపదే కనిపించడంతో ఇక్కడి వైద్యులు దానిని నిప్పు కొస లోపల పెట్టుకునే అలవాటుతో ముడిపెట్టి 1957 నాటికే రాశారు. ఆ తరువాత టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లోని దంత పరిశోధకులు డెన్మార్క్ నిపుణుడు పిండ్‌బోర్గ్‌తో కలిసి మీ శ్రీకాకుళం జిల్లా పల్లెల్లోనే 10,169 మంది నోళ్ళు పరీక్షించి, 1971లో ఫలితాలు ప్రకటించారు. అంగిలి మార్పులు అడ్డపొగ తాగేవారి మీదే కేంద్రీకరించి కనిపించాయి. కేరళలో తాంబూలంతో పొగాకు నమిలేవారికి జబ్బు బుగ్గలో, శ్రీకాకుళంలో నిప్పు లోపల పెట్టుకునేవారికి అంగిలి మీద, అంటే పొగాకు ఎక్కడ తగిలితే అక్కడ జబ్బు. హిల్ దీన్ని నిర్దిష్టత అన్నారు. పొగాకు ఎన్నో జబ్బులకు కారణం కనుక, ఒక కారణానికి ఒకే జబ్బు ఉండాలని పట్టుబట్టకూడదని కూడా హెచ్చరించారు. నిర్దిష్టత లేకపోతే నష్టం లేదు, ఉంటే మాత్రం చాలా విలువైనది, ఇక్కడ ఉంది.

అన్నయ్యగారి నీళ్ళ వాదనకు జవాబు కూడా ఇందులోనే దొరుకుతుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల గురించి విన్న జిల్లావాసికి నీళ్ళ మీద అనుమానం రావడం సహజం, ఆ అనుమానాన్ని ఎగతాళి చేయవద్దు. ఒక ఊళ్ళో చుట్ట తాగేవారికీ, జబ్బు వచ్చినవారికీ ఉమ్మడిగా ఇంకేదో మూడోది ఉండి, అదే రెండింటికీ వెనక ఉందేమో చూడవలసిందే. దాన్ని చూసే పద్ధతి ఇది: నీళ్ళు ఒకటే అయి అలవాటు వేరైన వారిని పోల్చాలి. మీ ఊళ్ళో మగవాళ్ళలో చాలామంది అదే పొగాకుతో చుట్టిన చుట్టను నిప్పు బయటికి పెట్టి కాలుస్తారు, అడ్డపొగ ఎక్కువగా ఆడవాళ్ళలో ఉంది. అందరూ తాగేది ఆ బోరు నీళ్ళే. తప్పు నీళ్ళదైతే అంగిలి జబ్బు అందరిలోనూ ఇంచుమించు సమానంగా ఉండాలి. ఆడవాళ్ళ ఒంటికే ఏదో ఉందనుకుంటే అడ్డపొగ తాగని ఆడవాళ్ళలోనూ రావాలి. సర్వేల్లో అలా కనబడలేదు, మామూలుగా చుట్ట కాల్చేవారి కంటే కూడా అడ్డపొగ వారి అంగిలే ఎక్కువ దెబ్బతింది. కొలంబియా, ఫిలిప్పీన్స్ వంటి చోట్ల కూడా నిప్పు లోపల పెట్టి కాల్చే ఆడవాళ్ళు ఉన్నారు, వాళ్ళ అంగిళ్ళలోనూ ఇలాంటి మార్పులే రాశారు. ఆ దేశాల వాళ్ళు మీ బోరు నీళ్ళు తాగలేదు. వేర్వేరు చోట్ల, వేర్వేరు పరిశోధకులకు ఒకే సంగతి తేలడానికి ఉన్న విలువ ఇదే: ఒకచోట దాగి ఉండగల మూడో కారణం అన్నిచోట్లా అదే వేషంలో దాగి ఉండడం కష్టం.

మామ్మగారి మాటకు వస్తే మోతాదు గురించి చెప్పాలి. ఒకటి నిజంగా కారణమైతే, అది పెరిగే కొద్దీ జబ్బు కూడా పెరగాలని ఆశిస్తాం. హిల్ తన ప్రసంగంలో బ్రిటన్ వైద్యుల మీద చేసిన అధ్యయనం లెక్కలు ఉదహరించారు. ఏడాదికి వెయ్యి మందిలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయినవారు, పొగతాగని వైద్యుల్లో 0.07 మంది, రోజుకు 14 సిగరెట్లలోపు తాగేవారిలో 0.57, 15 నుంచి 24 తాగేవారిలో 1.39, 25 లేదా అంతకంటే ఎక్కువ తాగేవారిలో 2.27. మెట్టు మెట్టుకూ పెరిగిన ఈ వరస చూస్తే, సిగరెట్టు కాకుండా ఇంకేదో కారణమనేవారు ఆ ఇంకేదో కూడా సిగరెట్ల లెక్కతో పాటే మెట్లెక్కిందని చూపించవలసి వస్తుంది. మూడో కారణం ఉండే అవకాశం దీనితో పూర్తిగా పోదు గానీ, దాన్ని నిలబెట్టడం చాలా కష్టమవుతుంది.

ఇదే లెక్కను అమ్మగారి వైపు నుంచి చదవండి. అందరికంటే ఎక్కువ తాగినవారిలో కూడా ఒక ఏడాదిలో వెయ్యికి 997 మందికి పైగా ఆ క్యాన్సర్‌తో చనిపోలేదు. అయినా తాగనివారితో పోలిస్తే వారికి ప్రమాదం ముప్పై రెండు రెట్లు ఉంది. ఈ రెండూ ఒకేసారి నిజం. కాబట్టి ఎనభై ఏళ్ళు బతికిన మామ్మగారు చుట్ట నిర్దోషి అనడానికి సాక్ష్యం కారు. కారణం అనగానే తాగిన ప్రతి ఒక్కరికీ వచ్చి తీరాలని అర్థం కాదు, తాగడం వల్ల వచ్చేవారి సంఖ్య పెరుగుతుందని అర్థం. ఇంకో సంగతి ఉంది. మామ్మగారి మాట ఊరంతా ఎందుకు చెప్పుకుంటుందంటే, ఆవిడ చాలాకాలం కళ్ళముందు ఉన్నారు కనుక. యాభైల్లోనే పోయిన అడ్డపొగ తాగే ఆడవాళ్ళు ఏ వాదనలోనూ లేచి సాక్ష్యం చెప్పలేరు. అమ్మగారి ఈడువాళ్ళలో, ఊళ్ళో అడ్డపొగ తాగినవారి పేర్లు ఆవిడ చేతనే చెప్పించి, వాళ్ళలో ఎవరెవరు ఏ జబ్బుతో పోయారో అడిగి చూడండి. ఇది శాస్త్రీయ సర్వే కాదు, అయినా ఒక్క మామ్మగారి మీద ఆధారపడిన వాదనకు సమాధానంగా పనికొస్తుంది.

మోతాదు గురించి మాట్లాడేటప్పుడు చుట్టల లెక్కను గుడ్డిగా నమ్మకండి. ఒకే చుట్టను ఆర్పి దాచి రోజంతా కొంచెం కొంచెంగా కాల్చేవారు ఉంటారు, నిప్పును ఎక్కువసేపు నోట్లోనే ఉంచేవారు ఉంటారు. ఇద్దరూ రోజుకు రెండు చుట్టలనే చెప్పినా అంగిలికి తగిలే వేడి ఒకటి కాదు. మామ్మగారు, అమ్మగారు సమానంగా తాగారని మీరు అనుకోవడానికి కూడా ఆధారం లేదు.

కారణం తీసేస్తే ఫలితం తగ్గుతుందా అన్నది హిల్ చెప్పిన కోణాల్లో బలమైనదాని కింద లెక్క. మనుషుల చేత బలవంతంగా చుట్ట తాగించి చూడలేం, మాన్పించి చూడగలం. ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం పల్లెల్లో దాదాపు 36,000 మంది పొగాకు వాడేవారికి మానమని నచ్చజెప్పుతూ ఏటా నోరు పరీక్షించిన అధ్యయనం ఫలితాలు 1986లో వచ్చాయి. మామూలుగా కంటే ఎక్కువమంది మానిన చోట్ల కొత్తగా తెల్లమచ్చలు పుట్టడం కూడా తగ్గింది. దీనికి ఒక పరిమితి ఉంది. పోల్చి చూడడానికి తీసుకున్నవారు అదే ప్రాంతాల్లో అంతకు ముందు జరిగిన అధ్యయనంలోని వారు, చీటీలు వేసి రెండు గుంపులుగా విడదీసినవారు కారు. కాలంతో పాటు ఇంకేవైనా మారి ఉండవచ్చునని అనుమానించే వీలు కొంచెం మిగిలింది. అయినా పైన చెప్పినవన్నీ ఒకే దిక్కుకు చూపుతున్నప్పుడు ఈ అనుమానం వాటిని పడగొట్టేంతది కాదు. మిగిలిన కోణాలు, అంటే నిప్పు వేడి, పొగలోని తారు కణాలను ఎలా దెబ్బతీస్తాయన్న జీవశాస్త్రం, ఇతర పొగాకు అలవాట్లతో పోలిక వంటివి ఇక్కడ వివాదం లేనివి.

ఇంతవరకూ చెప్పింది అడ్డపొగ అంగిలి జబ్బులకు కారణమా అన్న ప్రశ్నకు. దానికి జవాబు అవును. అమ్మగారి అంగిలి మీద ఉన్న ఈ ఒక్క మచ్చ అడ్డపొగ వల్లే వచ్చిందా అన్నది వేరే ప్రశ్న. జనం మీద తేలిన కారణం ఒక్క మనిషికి వచ్చేసరికి గట్టి అవకాశంగా మాత్రమే మిగులుతుంది, రుజువుగా మారదు. చోటు, వ్యవధి, మచ్చ తీరు చూస్తే ఈ కేసులో అవకాశం చాలా ఎక్కువని నా అభిప్రాయం. అమ్మగారు “నాకు ఇది చుట్ట వల్లే వచ్చిందని ప్రమాణం చేసి చెప్పగలవా?” అని అడిగితే, చేయలేనని నిజాయితీగా చెప్పండి. చేస్తానంటే మీ మిగతా మాటలు కూడా నమ్మరు.

అలాంటప్పుడు ఏం చేయాలన్నదానికి హిల్ ప్రసంగం చివరి భాగం ఉపయోగపడుతుంది. ఎంత సాక్ష్యం కావాలన్నది, మనం మనిషిని అడిగేది ఎంత పెద్దదన్నదాని మీద ఆధారపడుతుందని ఆయన అన్నారు. గర్భిణుల వికారానికి ఇచ్చే మందును ఆపడానికి కొద్దిపాటి అనుమానం చాలు, ఎందుకంటే ఆపినందువల్ల పోయేది ఏమీ లేదు. ఇష్టంగా తాగే సిగరెట్టు మానమని చెప్పడానికి మాత్రం చాలా గట్టి సాక్ష్యం ఉండాలి. మీ ముందున్న పనులను ఈ తూకంలో పెట్టి చూడండి.

సెట్టును రాత్రిళ్ళు తీసి నీళ్ళలో ఉంచడం, కొన్నాళ్ళు పూర్తిగా వాడకపోవడం దాదాపు ఖర్చులేని పని. సెట్టు మీద బలహీనమైన అనుమానం ఉన్నా చేయవచ్చు. అమ్మగారు కోరుతున్నది కూడా అదే కనుక వాదించకుండా ఒప్పుకోండి. ఒక పద్ధతి, చుట్ట అలాగే ఉంచి సెట్టు ఒక్కటే రెండు వారాలు తీసి చూడటం. మచ్చ తగ్గకపోతే సెట్టు వాదన అమ్మగారి కళ్ళముందే వీగిపోతుంది, అది మీరు ఎంత చెప్పినా రాని ఫలితం. నష్టం ఏమిటంటే ఆ రెండు వారాలు పొగ ఆగదు. అందుకని బయాప్సీ తేదీ ముందే ఖాయమై, ఆ రెండు వారాలు ఎలాగూ ఎదురుచూడవలసి ఉంటేనే ఈ పద్ధతి పనికొస్తుంది, దీని కోసం పరీక్షను వెనక్కి నెట్టకూడదు. రెండో పద్ధతి, సెట్టు, చుట్ట రెండూ ఒకేసారి ఆపడం. నోటికి ఇదే మేలు. కాకపోతే మచ్చ తగ్గితే ఎవరి మాట నెగ్గిందో తెలియదు, అమ్మగారు సెట్టు వల్లేనని చెప్పి మళ్ళీ చుట్ట అందుకోవచ్చు. మీ అమ్మగారి స్వభావం నాకు తెలియదు గనుక ఈ ఎంపిక మీరే చేయాలి, నన్నడిగితే రెండోదే ఎంచుకుంటాను.

పూర్తిగా మానలేనంటే, నిప్పును బయటికి తిప్పి కాలుస్తానని ఆవిడే అనవచ్చు. అంగిలికి తగిలే వేడి తగ్గుతుంది, ఆ మేరకు లాభమే. గొంతుకు, ఊపిరితిత్తులకు, గుండెకు పొగాకు వల్ల ఉన్న ముప్పు అలాగే ఉంటుంది, కాబట్టి దీన్ని మానడానికి దారిలో ఒక మజిలీగా ఒప్పుకోండి గానీ చివరి ఒప్పందంగా కాదు. లెక్క తగ్గించుకోవడమూ అంతే. మోతాదు వరస ప్రకారం తగ్గిస్తే ముప్పు తగ్గాలి, కానీ మూడు చుట్టలను ఒకటికి దించినవారు ఆ ఒక్కదాన్నే ఎక్కువసేపు నోట్లో ఉంచుకుంటే తగ్గింది కాగితం మీదే. ముప్పై ఏడేళ్ళ అలవాటు ఆపినప్పుడు మొదటి కొన్ని వారాలు చిరాకు, నిద్రలేమి ఉంటాయి. నికోటిన్ చూయింగ్‌గమ్ పళ్ళసెట్టు ఉన్న, నోరు మండుతున్న మనిషికి ఇబ్బంది కనుక, చర్మం మీద అంటించే నికోటిన్ పట్టీ సరిపడుతుందేమో డాక్టరును అడగండి. కేంద్ర ప్రభుత్వ పొగాకు విరమణ ఫోన్ సేవ 1800-11-2356కు డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు.

ఇవేవీ ఒప్పుకోకపోయినా బయాప్సీకి మాత్రం ఒప్పించండి. ఆవిడ ఇష్టాన్ని ఏమీ వదులుకోమనని పని అదొక్కటే. నివేదికలో కణాల మార్పు, అంటే డిస్‌ప్లేజియా, ఉందా, ఉంటే ఎంత అన్నది చూడండి. లేదని వస్తే ఊరట పడండి గానీ పరీక్షలు ఆపకండి. ముక్క తీసింది మచ్చలో ఒక చోటు నుంచే కాబట్టి, డాక్టరు చెప్పిన గడువు ప్రకారం మళ్ళీ మళ్ళీ చూపిస్తూ ఉండాలి. కొద్దిగా ఉందని వస్తే చుట్ట మానడం ఇక సలహా స్థాయిలో ఆగదు, వైద్యంలో భాగమవుతుంది. ఎక్కువగా ఉందని వస్తే ఆ మచ్చను తీసివేయడం గురించి నోటి శస్త్రవైద్యుడితో అదే వారంలో మాట్లాడండి, వెళ్ళేటప్పుడు అన్నయ్యగారిని కూడా వెంట తీసుకువెళ్ళండి.